ఇవాళే ఏడింటికి

వీధంతా కత్తెరక్క అని పిలిచే ఆ దర్జీకి నోరు కూడా కత్తెరే. "చంక దగ్గర ముడతలు రాకుండా చేతులు అతకడం, ఇవాళ సాయంత్రం ఏడింటికి లైవ్‌లో! మీరు పాడుచేసిన చొక్కా పట్టుకుని కూర్చోండి, తప్పెక్కడో చెబుతాను" అని యూట్యూబ్‌లో పెట్టడానికి షార్ట్ వీడియో తీసింది.

"తారీకు పెట్టరా" అంటే వీడియో చేసే మరిది వినలేదు. "ఇవాళ అంటేనే ఎగబడతారు వదినా!"

ఆ రోజు లైవ్‌కి వచ్చింది గుప్పెడు మంది. షార్ట్ మాత్రం ఆ తర్వాతే ఊపందుకుంది. చూసినవాళ్ళు లైవ్ ఇవాళే అనుకుని రోజూ ఏడింటికి కొత్తగా రావడం, లైవ్ లేదని కామెంట్లలో "మోసగత్తె" అంటూ దుమ్మెత్తిపోయడం.

వారమంతా పళ్ళు కొరుక్కుంది. ఆఖరికి ఓ సాయంత్రం సరిగ్గా ఏడింటికి లైవ్ పెట్టి, మరిదిని రెక్క పట్టి లాక్కొచ్చి కెమెరా ముందు కూలేసింది.

"ఇవాళ అన్నది వీడే. ముందు వీణ్ణి కడిగెయ్యండి. ముడతల సంగతి తర్వాత చూద్దాం."