అరవై ఎడమ చేతులు

ఆ కుట్టు కార్ఖానాలో ఆవిడని అందరూ కత్తెరమ్మ అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్ళుగా కటింగ్ బల్ల ఆవిడదే. ఆవిడ కత్తెరని ఇంకొకరు ముట్టుకోకూడదు. ఓనరంతటివాడు ఒకసారి దాంతో పార్సిల్ తాడు కొయ్యబోతే, "సార్, కావాలంటే పళ్ళతో కొరుక్కోండి, నా కత్తెర జోలికి మాత్రం రాకండి" అనేసింది. అలాంటి మనిషి ఆ మంగళవారం ఏం చేసిందయ్యా అంటే, ముప్పై తెల్లకోట్లకి అరవై చేతులు కోసింది. అరవైకి అరవై ఎడమ చేతులే!

కుట్టుపని తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. చేతిముక్కకి ముందువైపు వంపు వేరు, వెనకవైపు వంపు వేరు. బట్టకేమో ఒకవైపు మొహం, ఒకవైపు వీపు. అందుకే బల్లమీద బట్టని మొహానికి మొహం ఆనించి పరుస్తారు. అప్పుడు ఒక్క కోతలో కుడీ ఎడమా జంటగా వస్తాయి. ఆ రోజు ఆవిడ పొరలన్నీ మొహం పైకే పెట్టి పరిచేసింది. ఆరేసి పొరల చొప్పున పదిసార్లు కోసింది, ఒక్కసారైనా అనుమానం రాలేదు.

"అక్కా, ఇది కుడి భుజానికి కూర్చోవట్లేదు" అంది మిషను దగ్గరి అమ్మాయి.

"కూర్చోకపోతే కుర్చీ వెయ్యి!" అని అరిచింది కత్తెరమ్మ. ఆ పిల్ల బిత్తరపోయింది. తర్వాత కత్తెరమ్మే వచ్చి ముక్క అందుకుని, ఇంకోటి తీసి, మరోటి తీసి చూసుకుంది. అప్పుడు కోతముక్కల కుప్పలో మొహం పెట్టుకుని, చంటిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

ఓనరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కొన్నాళ్ళు దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోమ్మా, తేలికపని" అన్నాడు. తేలికపనట! పంతొమ్మిదేళ్ళు కత్తెర పట్టిన మనిషిని కొత్తగా చేరినవాళ్ళ పక్కన కూర్చోబెడితే, ఆ బరువు ఎంతుంటుందో ఆయనకేం తెలుసు?

ఇది ఆ మంగళవారం మొదలైంది కాదు. నలభై ఎనిమిది నిండేసరికి ఆవిడ నెలసరి దారి తప్పింది. ఒకసారి మూడు వారాలకే వచ్చి వరదలా పోయేది, ఒకసారి రెండు నెలలు అజా పజా ఉండేది కాదు. ఉన్నట్టుండి గుండెల్లోంచి మెడమీదికి ఆవిరి ఎగదన్నేది. రాత్రి మూడు నాలుగుసార్లు తడిసిపోయి లేవడమే. తెల్లారి అయిదింటికి, పక్షవాతం వచ్చి మంచానపడ్డ అత్తగారిని పక్కకి తిప్పి శుభ్రం చెయ్యాలి. ఆఖరి పరీక్షలకి చదువుతున్న కూతురేమో, తల్లి కసిరిన కసురుకి వారంగా మాట్లాడట్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కదా.

వీటన్నిటి అడుగున ఇంకోటుంది. అది ఎవరికీ తెలియదు. రెండు నెలలుగా పొద్దున్న మెలకువ రాగానే ఆవిడకి తోచే మొదటి మాట, 'అయ్యో, మళ్ళీ లేచానా' అని. నిద్రలోనే పోయి ఉంటే ఎంత బాగుండేది అని. ఆ మాట ఎక్కడ నోరుజారి బయటికొస్తుందోనని రోజంతా పళ్ళు బిగించుకుని తిరిగేది.

వాళ్ళాయన బస్సు డిపోలో మెకానిక్కు. మంచివాడే, కాదనను. ఏది చెడినా ఆయన దగ్గర ఒక పానా ఉంటుంది. వేడంటే టేబుల్ ఫ్యాను తెచ్చాడు. నిద్ర లేదంటే కొత్త దిండు తెచ్చాడు. "వయసు అంతేనోయ్, డిపోలో అందరి ఇళ్ళల్లోనూ ఇదే గోల" అన్నాడు. కార్ఖానాలో కాజాలు కుట్టే పిన్ని కూడా అదే పాట పాడింది. "నాకూ రెండేళ్ళు ఒళ్ళు మండింది, పోయింది. ఓర్చుకోవే" అంది. ఓర్చుకోవడమే ఔషధమైతే, ఈ లోకంలో ఆడదానికి జబ్బనేదే ఉండకూడదు మరి!

దారాల బల్ల దగ్గర తొమ్మిదో రోజు. పార్సిల్ వెళ్ళాలి, ఓనరుకి చేతికి ఏదీ దొరకలేదు. మేకుకి వేలాడుతున్న కత్తెరమ్మ కత్తెర తీసి తాడు కోసేశాడు. కోశాక గుర్తొచ్చి, బెదురుగా ఆవిడ వంక చూశాడు. కత్తెరమ్మ చూసింది. మళ్ళీ తలొంచుకుని దారాలు కత్తిరించుకుంది.

కాజాల పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. సాయంత్రం గేటు దగ్గర కత్తెరమ్మ రెక్క పట్టుకుంది.

"నువ్వు అరిచినప్పుడు నేను భయపడలేదే. ఇవాళ ఊరుకున్నావు చూడు, అందుకు భయమేస్తోంది. నీ కూతురు పుట్టినప్పుడు కూడా మూడు నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నావు, గుర్తుందా? ఓర్చుకోమన్న నా నోరు పడిపోనూ! రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నావు, అంతే."

మర్నాడు డాక్టరమ్మ అంతా విని, వెంట వచ్చిన వాళ్ళాయన్ని బయట కూర్చోమంది.

"ఈ వయసులో హార్మోన్లు మెట్టు మెట్టుగా దిగవమ్మా, ఎక్కుతూ దిగుతూ ఊగిపోతాయి. కొందరి మనసుకి ఆ ఊపు గట్టిగా తగులుతుంది. కాన్పయ్యాక కుంగినవాళ్ళకి ఇంకాస్త. ఆవిరి నిద్ర చెడగొడుతుంది, నిద్ర లేకపోతే చిరాకు, మతిమరుపు. పైన ఇంటి బరువు. ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి."

"వయసేగా, పోతుందిగా అంటున్నారండీ అందరూ."

"ఆవిరి తగ్గొచ్చు. రెండు వారాలు దాటి రోజూ మనసు కుంగే ఉంటే, చేతిలో పని సాగకపోతే, దాన్ని వయసు మీదకి నెట్టకూడదు. రక్తం బాగా పోతోందన్నారు, రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేద్దాం. హార్మోన్ మందులున్నాయి, మీకు పడతాయో లేదో చూసి ఇవ్వాలి. మనసుకి వేరే మందులూ, మాటల వైద్యమూ ఉన్నాయి." ఆగి, అడిగింది. "బతకడం ఎందుకు అనిపిస్తోందా?"

"ఛ, అలాంటిదేం లేదండీ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. చేతులు ముడుచుకుని కూర్చుంది, బయట ఎంతమంది ఉన్నారన్న తొందరే లేనట్టు.

కత్తెరమ్మ ఆ కలం వంకే చూస్తూ అంది. "లేవకపోతే బాగుండనిపిస్తుందండీ. రోజూ."

"ఏమైనా చేసుకోవాలనుకున్నారా?"

"లేదు. దానికీ ఓపిక లేదు."

"చెప్పి మంచిపని చేశారు. ఇవాళే మనసు డాక్టరు చూస్తారు. ఇంట్లో ఒకరికి తెలియాలమ్మా. ఆయన్ని పిలవనా?"

కత్తెరమ్మ తలూపింది.

ఆయన లోపలికొచ్చి విన్నాడు. డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ చెప్పింది. ఒంటరిగా వదలొద్దంది. ఆ ఆలోచన ముదిరితే ఏ వేళైనా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకురమ్మంది. మందులు పనిచెయ్యడానికి వారాలు పడతాయంది. అన్నిటికీ పానా ఉన్న ఆ మనిషి, పెళ్ళాం చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని వేళ్ళకి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. ఇరవై మూడేళ్ళు ఒకే మంచం. రెండు నెలలు పక్కనే పడుకున్నాడు, తెలియలేదు.

ఒక్కరోజులో ఏదీ మారలేదు. మనసు డాక్టరు చూసి మందులు రాశారు, పరీక్షల కాగితాలు రావాలి. కార్ఖానా మూలన సంచిలో అరవై ఎడమ చేతులూ అలాగే ఉన్నాయి.

మర్నాడు అయిదింటికి కత్తెరమ్మకి మెలకువొచ్చింది. రోజూ వచ్చే మాటే వచ్చింది. కళ్ళు తెరిస్తే, మంచం పక్కన కుర్చీలో ఆయన. ఎప్పటినుంచి కూర్చున్నాడో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవతలి గదిలోంచి కూతురు నాయనమ్మని పక్కకి తిప్పుతున్న చప్పుడు వినబడుతోంది.

"లేచావా?" అన్నాడాయన. కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ అడిగాడు.

ఆవిడకి లేవాలని లేదు. ఆ ముక్క ఇప్పుడు ఆయనకీ తెలుసు.

"లేచాను" అంది.