పడుగు మీద ఎర్రపొడి

ధర్మవరంలో ఒక నేతగాని ఇంటికి తలుపుల, కిటికీల పైన లింటెళ్లు దగ్గరుండి పోయించింది నేనే. ఆ రోజుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఓవర్సీరుగా ఉండి, హిందూపురం నుంచి బస్సులో వచ్చి పోయేవాణ్ణి. ఇల్లు పూర్తయ్యాక చాలాకాలానికి, ఒకసారి వచ్చి చూడమని అతను కబురు పంపాడు.

ముందుగదిలో కిటికీ కిందే మగ్గం గుంత. మగ్గం మీద తెల్లపట్టు పడుగు, బిగించిన నిలువు పోగులు. దాని మీద ఎవరో వేళ్లతో రాల్చినట్టు ఎర్రపొడి, ఒక సన్నని గీత.

"దినామూ పొద్దున్నే ఇట్లే ఉంటాది సార్. తుడిస్తే మళ్లా పడతాది," అన్నాడు నేతగాడు.

గడప దగ్గర దారం చుడుతున్న అతని తల్లి తల ఎత్తలేదు. "తుడవద్దంటే వినడు. వాళ్ల నాయన వచ్చి కుంకుమ పెట్టి పోతాండాడు. పొద్దుగూకితే చప్పుడు కూడా ఇనపడతాది."

ఆయన పోయి ఏడాది కాలేదు. ఆ మగ్గం ఆయనదే.

నేను పైకి చూశాను. లింటెల్ మూల నుంచి పగులు మెట్లుమెట్లుగా కప్పు వైపు పాకింది. కిటికీ నేను కట్టించినదానికంటే వెడల్పుగా ఉంది.

"సన్‌షేడ్ వల్ల వెలుతురు చాల్లేదు సార్. నాయనే ఉలితో ఒక పక్క గోడ కొట్టినాడు."

లింటెల్ రెండు కొసలూ గోడ మీద తొమ్మిదేసి అంగుళాలు ఆనేలా పోయించాను. ఇప్పుడు ఆయన కొట్టిన వైపు కొస కింద రెండంగుళాలే మిగిలింది. పైన గోడ బరువు, బయట రెండడుగుల సన్‌షేడ్ ముందుకు లాగడం. ఆ కాస్త ఇటుకా రోజూ నలిగి రాలుతోంది. నేసేటప్పుడు సరిగ్గా దాని కిందే కొడుకు తల.

"అది కుంకుమ కాదవ్వా. ఇటుకపొడి."

"అయితే ఏమప్పా? ఆ ఇటుక కొట్టింది ఆయప్ప చెయ్యే కదా."

కొడుకు బెంగ వేరు. "గోడ మూస్తే వెలుతురు పోతాది. నేసేదెట్ల?"

"పక్కకు కాదు, కిందికి కొట్టిద్దాం. కిటికీ కింది ఇటుకల మీద పై బరువేమీ లేదు. నేలమట్టంలో పునాది మీద పోసిన ప్లింత్ బీమ్ ఉంది, దాన్ని మాత్రం తాకకూడదు. వెలుతురు నేరుగా బట్ట మీదే పడుతుంది."

ముందు మగ్గం మీది పడుగు విప్పి పక్కకు తీయించాను. మేస్త్రీ లింటెల్ కిందా, సన్‌షేడ్ అంచు కిందా ఆసరాగా కొయ్యలు బిగించాడు. నలిగిన ఇటుక తీయబోతే పిండిలా చేతిలోనే రాలింది. ముసలామె కొంగు పట్టి ఆ పొడి ఎత్తుకుంది. కొట్టిన గోడను సిమెంటుతో పాత వెడల్పుకి కట్టి, లింటెల్ కింద సందు లేకుండా కూరారు. కిటికీ కింది ఇటుకలు తీసి గట్టును కిందికి దించారు. పగులు కదులుతుందేమో తెలియడానికి దాని మీద అడ్డంగా సున్నం పట్టీ వేయించాను.

గోడ బాగా గట్టిపడ్డాక కొయ్యలు తీయించడానికి వెళ్లాను. మళ్లీ మగ్గానికి ఎక్కించిన పడుగు మీద పొడి లేదు. కొడుకు నేస్తున్నాడు. పొద్దుగూకుతుండగా చెప్పులు తొడుక్కుంటుంటే కిటికీ దగ్గర టక్‌మని చిన్న చప్పుడు. కొడుకు చేతులు ఆగాయి. వెనక్కి వెళ్లి సున్నం పట్టీని తడిమి చూశాను. ఎక్కడా చిట్లలేదు, గోడ కదలలేదు.

"చూడప్పా, ఇప్పుడు పొడి లేకుండా వస్తాండాడు," అంటూ ముసలామె దీపం తెచ్చి కొత్త కిటికీ గట్టు మీద పెట్టింది.

కొడుకు మళ్లీ నేయడం మొదలుపెట్టాడు.