ఇరవై ఒక్క సెకన్ల ఫోను

పిచ్చేశ్వరరావు చేతిలో సూది పడితే గుచ్చినట్టే తెలియదని చల్లపల్లిలో ఎవరినడిగినా చెబుతారు. అడగకపోతే ఆయనే చెబుతాడు. డాక్టర్ ఉమాశ్రీ గారి క్లినిక్‌లో రక్త పరీక్షల గది ఆయనది. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే స్టూలు. పసిపిల్లల చేతుల్లోనూ, ఎండిపోయిన ముసలి చేతుల్లోనూ ఆయన వేలికి దొరకని నరం లేదు. ఆ మాత్రం గర్వం ఉంటే ఉండనివ్వండి, కష్టపడి సంపాదించుకున్నదే.

ఇంకో గర్వం కూడా ఉండేది, అదే కొంప ముంచింది. మాటలు వృథా చెయ్యనని ఆయన చెప్పుకునేవాడు. రోజూ సాయంత్రం ఆరింటికి మర్నాటి జాబితా ముందేసుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేసేవాడు. "రేపు పొద్దున ఏడున్నరకి రావాలి. రాత్రి భోంచేశాక ఇంకేం తినొద్దు. మంచినీళ్లు తాగొచ్చు. ఉంటాను." అంతే. అవతలివాళ్లు "ఒక్క మాటండీ" అనేలోపు ఆయన వేలు తర్వాతి నంబరు మీద ఉండేది. మర్నాడు ఎవరైనా టీ తాగి వచ్చారా, ఇక చూస్కోండి. "చెప్తే వినరేంటండీ? పోయి రేపు రండి!" అని గదంతా అదిరేలా కేకలేసి పంపేసేవాడు. టీ తాగొద్దని తను చెప్పనే లేదన్న సంగతి ఆ మనిషికి ఒక్కనాడూ తట్టలేదు.

ఒక బుధవారం జాబితాలో నాలుగో పేరు సఫియాది. అవనిగడ్డలో జాకెట్లు కుట్టే మనిషి. యాభై దాటాయి, అయిదేళ్లుగా షుగరు. పరగడుపున షుగరూ కొవ్వూ చూసి మందు మార్చాలని డాక్టరమ్మ రాశారు. మంగళవారం సాయంత్రం పిచ్చేశ్వరరావు ఫోన్ చేసి తన నాలుగు ముక్కలూ చెప్పాడు.

"అట్టాగే అన్నయ్యగారూ. పొద్దున వేసుకునే మాత్ర..." అని ఆవిడ అనబోయింది.

"అవన్నీ రేపు మాట్లాడుకుందాం, ఉంటాను," అని పెట్టేశాడు.

మర్నాడు ఎనిమిది అవుతుండగా ఆవిడ వంతు వచ్చింది. భర్త ఇబ్రహీం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. పిచ్చేశ్వరరావు మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించాడు. ఆవిడ చెయ్యి వణుకుతోంది.

"రోజంతా సూదితోనే బతికేవాళ్లు, ఈ కాస్త సూదికే భయమా సఫియమ్మా?" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. నుదుటి మీద చెమటలు ధారకట్టాయి. "అన్నయ్యగారూ, ఏందో ఇదిగా ఉంది," అంటూ పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు చెరిగింది ఆయన ముఖంలోని నవ్వు. పట్టీ విప్పి పారేసి, ఆవిడ వేలు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూశాడు. నలభై ఆరు! డెబ్బైకి తగ్గితేనే ప్రమాదమని చదువుకున్నవాడాయన. మనిషికి తెలివి ఉంది, మింగగలుగుతోంది, అదొక్కటే అదృష్టం. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి గుక్క గుక్కగా తాగించాడు. పావుగంట ఆగి మళ్లీ చూస్తే ఎనభై రెండు. అప్పుడు ఇబ్రహీం పరుగున వెళ్లి ఇడ్లీ పొట్లం తెచ్చాడు.

ఈలోగా ఉమాశ్రీ గారు వచ్చారు. "పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానండీ, ఆరింటికి. రోజూ టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోమన్నారు కదా మీరు. మరి టిఫిన్ తినొద్దన్నారు... రంజాన్ నెలలో అయితే మీరే మాత్ర టైము మార్చి రాసిస్తారు. ఇది రంజాన్ కాదు కదా అని ఎప్పట్లాగే వేసేసుకున్నా. బస్సులోనే కళ్లు తిరిగాయి. నెలంతా పస్తుండి రోజాలున్న మనిషిని, ఒక్క పూటకి ఏమవుద్దిలే అని ఊరుకున్నా. నాదే తప్పండీ. నాకే తెలివి లేదు."

డాక్టరమ్మ కోసం పైన ఇంకా పదిహేనుమంది రోగులు కాచుకుని ఉన్నారు. విసుగ్గా, "ఖాళీ కడుపు మీద ఆ మాత్ర వేసుకుంటారా? చెప్పింది సరిగ్గా వినరు. ఏమండీ పిచ్చేశ్వరరావు గారూ?" అన్నారు.

నోరు తెరిస్తే చాలు. "వినకపోవడం కాదండీ, ఆవిడ అడగబోయింది, నేనే ఫోన్ పెట్టేశాను." ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. గది బయట జనం తొంగి చూస్తున్నారు. ఇరవై రెండేళ్ల పేరు.

"అవునండీ," అన్నాడు.

సఫియా ఒక్కసారి తలెత్తి ఆయన వైపు చూసి మళ్లీ దించుకుంది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేదేమో. గ్లూకోజ్ తాగాక పరగడుపు పరీక్ష ఎలాగూ చెల్లదు కాబట్టి, వచ్చే వారం రమ్మని పంపేశారు. వెళ్తూ వెళ్తూ ఆవిడ, "మీకు శ్రమ ఇచ్చాను అన్నయ్యగారూ," అని చెప్పి మరీ వెళ్లింది.

ఆ పూట ఆయన చేతికి మొదటిసారి ఒక నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాడు. మధ్యాహ్నం ఫోన్ తీసి మంగళవారం కాల్ చూశాడు. ఇరవై ఒక్క సెకన్లు. ఇంకో పది సెకన్లు ఆగి ఉంటే ఏం కొంప మునిగేది? ఛీ, ఏం బతుకు ఇది అనుకున్నాడు. అన్నం సయించలేదు. భార్య అడిగితే ఎండ అన్నాడు.

మంగళవారం మళ్లీ వచ్చింది. గుర్తు చేయడానికి సఫియాకు ఫోన్ చేస్తే ఇబ్రహీం ఎత్తాడు.

"మేం ఇప్పుడే రావట్లేదండీ. డాక్టరమ్మ అన్నది నిజమే, దానికి మతి నిలవట్లేదు. చెప్పింది చెప్పినట్టు చెయ్యలేని మనిషి రేపు మిషన్ మీద పడిపోతే? అందుకే మిషన్‌కి మూతేయించాను. ఇచ్చిన గుడ్డలన్నీ తిరిగిచ్చేస్తున్నాం."

పిచ్చేశ్వరరావు ఫోన్ కింద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా కుడుతున్న మిషన్ అది. తను "అవునండీ" అన్నందుకు దానికి మూతపడింది. మిగతా పేర్లకు ఎలా ఫోన్ చేశాడో ఆయనకే తెలియదు.

బుధవారం పని కాగానే అవనిగడ్డ బస్సెక్కాడు. దారి పొడుగునా రెండే మాటలు నోట్లో తిప్పుకున్నాడు, అవి కూడా కుదరలేదు. ఇంటి ముందు గదిలోనే కొట్టు. మిషన్ మీద నిజంగానే పాత దుప్పటి కప్పి ఉంది. సఫియా కింద కూర్చుని కత్తిరించని గుడ్డలు మడతపెడుతోంది. ఆయన్ని చూసి కంగారుగా లేచింది. ఇబ్రహీం కుర్చీ తెచ్చాడు. ఆయన కూర్చోలేదు.

"ఇబ్రహీం గారూ, ఆ రోజు మీ ఆవిడ తప్పేం లేదు. మాత్ర సంగతి నన్ను అడగబోయింది. నేను వినకుండా ఫోన్ పెట్టేశాను. షుగర్ మందు వేసుకోకుండా రమ్మని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. డాక్టరమ్మ ముందు అది కూడా దాచాను." దుప్పటి కప్పిన మిషన్ వైపు చూశాడు. "సిగ్గుతో చచ్చిపోతున్నానండీ."

ఇబ్రహీం భార్య వైపు తిరిగి, "నువ్వెందుకు చెప్పలేదే నాకు?" అన్నాడు.

"చెప్తే అన్నయ్యగారి పేరు పోదా?" అంది సఫియా.

ఆ మాటతో పిచ్చేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. తన పేరు తను కాపాడుకున్నాననుకున్నాడు. కాపాడింది ఆవిడ!

టీ వచ్చింది. సఫియా అరలోంచి అట్టలు వేసిన పుస్తకం ఒకటి తీసి ముందు పెట్టింది. జాకెట్ల కొలతలు. "నేను కొలత రాసుకుని ఊరుకోనన్నయ్యగారూ. రాసింది చదివి వినిపిస్తా. వాళ్ల చేత తిరిగి చెప్పిస్తా. ముప్పైనాలుగంటే ముప్పైనాలుగే అని ఇద్దరం ఒప్పుకున్నాకే కత్తెర పెడతా. కోశాక ఏడిస్తే ఏం లాభం? మీరూ అట్టా చెయ్యొచ్చుగా?"

అక్కడే కూర్చుని, ఆ పుస్తకం వెనక కాగితం ఒకటి చింపుకుని, ఇకమీదట ఫోన్‌లో చెప్పాల్సినవన్నీ రాసుకున్నాడు. మర్నాడు తిన్నగా ఉమాశ్రీ గారి గదిలోకి వెళ్లి ముందు జరిగింది చెప్పాడు, తర్వాత కాగితం చూపించాడు. "నేనూ అడిగి ఉండాల్సింది," అన్నారు ఆవిడ. కాగితంలో మందుల సంగతి తనే దిద్ది ఇచ్చారు.

ఇప్పుడు ఆయన ఫోన్ ఇలా ఉంటుంది. "రేపు పొద్దున ఏడున్నరకి మీ రక్త పరీక్ష. ఈ రాత్రి ఎనిమిదింటికల్లా మామూలుగా భోంచేసేయండి. ఆ తర్వాత రక్తం ఇచ్చేదాకా మంచినీళ్లు ఒక్కటే. టీ, కాఫీ, పాలు, పళ్లరసం, వక్కపొడి, చుట్ట, ఏవీ వద్దు. నీళ్లు మాత్రం మానొద్దు. షుగర్ బిళ్ల గానీ ఇన్సులిన్ గానీ పొద్దున వేసుకోకండి, టిఫిన్‌తో పాటు తెచ్చుకోండి, రక్తం ఇచ్చాక వేసుకుని తినొచ్చు. రాత్రి ఇన్సులిన్ వేసుకునేవాళ్లయితే ఇప్పుడే చెప్పండి, డాక్టరమ్మను అడిగి చెప్తాను. బీపీ బిళ్ల నీళ్లతో మామూలుగానే. మిగతా మందులేవైనా ఉంటే పేర్లు చదవండి, మీ అంతట మీరు ఆపొద్దు. వణుకు, చెమట, కళ్లు తిరగడం వస్తే పరీక్ష సంగతి వదిలేసి వెంటనే పంచదార నీళ్లు తాగి నాకు ఫోన్ చేయండి. పరీక్ష ఇంకో రోజు చేసుకోవచ్చు. ఇప్పుడు మీరు చెప్పండి, నేను వింటాను."

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పడుతోంది. ఇంటికి వెళ్లేసరికి ఎనిమిదవుతోంది. భార్య సణుగుతోంది. సణగనీ.

సఫియాకు మళ్లీ తేదీ ఇచ్చిన ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాడు. వెనక మిషన్ చప్పుడు వినబడి, కాసేపు అదే విన్నాడు. తర్వాత మొత్తం చెప్పాడు. ఆవిడ పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పింది, ఎనిమిదింటి భోజనం దగ్గర్నుంచి పంచదార నీళ్ల దాకా.

"అన్నయ్యగారూ, ఒక్క మాట అడగొచ్చా?"

జాబితాలో ఇంకా ఏడు పేర్లున్నాయి. "అడగమ్మా. ఎంతసేపైనా అడుగు."

"ఇన్నేళ్లలో నాలాగా ఇంకెవరికైనా కళ్లు తిరిగాయా? ఇంటి దగ్గరో, బస్సులోనో?"

ఆయన జాబితా వైపు చూశాడు. అలాంటి జాబితాలు ఇరవై రెండేళ్లవి. "ఒక్క మాటండీ" అన్న గొంతులు ఒకటీ అరా గుర్తొచ్చాయి, ముఖాలు గుర్తు రాలేదు.

"తెలియదమ్మా," అన్నాడు. "నేను ఎవరినీ అడగలేదు."