ఎంటర్ కొడితే పక్కకి

ఆ ఆఫీసులో కంప్యూటరు ఒక్కటే. దాన్ని వాడేది మేమిద్దరం, నేనూ మేనేజరూ. మేనేజరంటే ఓనరు గారి బావమరిది. ఆ ఉద్యోగానికి అంతకుమించి అర్హత ఏముందో ఆ రెండేళ్లలో నాకైతే కనబడలేదు. భీమవరం నుంచి మొగల్తూరు వైపు వెళ్లే దారిలో ఆరు రొయ్యల చెరువులు, గట్టు మీద ఒక రేకుల షెడ్డు, దాని పక్క గది మా ఆఫీసు. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకి మేత వాసన తగులుతుంది, దాని వెనకే మనసుకి రోత పుడుతుంది.

చెరువుల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్లది. వయసు మీద పడ్డాక పడవ మానేసి మా దగ్గర చేరాడు. నేను బాబాయ్ అనేదాన్ని. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు పట్టుకుని రోజుకి ఆరుసార్లు ఆరు చెరువులూ తిరిగి రావడం ఆయన పని. పొద్దున పదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది, మళ్లీ రెండు, ఆఖరిది తెల్లవారి ఐదు. ఒక తిరుగుడు పూర్తికాగానే ఆరు అంకెలూ ఒకదాని కింద ఒకటి తన పుస్తకంలో రాసేవాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలుండవు. ఎక్కువ చదువుకోలేదు గానీ ఆ పుస్తకం ముందు నా డిగ్రీ దిగదుడుపే.

మర్నాడు తొమ్మిదింటికి నేనొచ్చి ఆ ముప్ఫై ఆరు అంకెల్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాలి. అడ్డంగా ఒక్కో వరస ఒక్కో చెరువు. నిలువుగా ఒక్కో కాలమ్ ఒక్కో వేళ. మొదట్లో ఒక్కో అంకెకీ మౌసు పట్టుకుని నొక్కుతూ చచ్చేదాన్ని. తర్వాత ఒక కిటుకు పట్టాను. అంకెలు పడాల్సిన ఆరు వరసలూ ఆరు కాలమ్‌లూ ముందే మౌసుతో లాగి సెలెక్ట్ చేసి పెట్టుకుంటే చాలు. అంకె కొట్టి ఎంటర్ నొక్కితే కిందికి దిగుతుంది. ఆరో చెరువు అయిపోగానే దానంతట అదే పక్క వేళలో మొదటి చెరువు దగ్గరికి ఎక్కుతుంది. బాణం కీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఆ సెలెక్షన్ పోతుంది. తప్పు పడితే షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే వెనక్కి వస్తుంది. అంతే. కళ్లు పుస్తకం మీద, వేళ్లు కీల మీద, తెర వంక చూసే పనే లేదు. రెండు నిమిషాల్లో ముగించేసి టీ తెచ్చుకునేదాన్ని. చూడకుండా కొడతానని భలే గర్వం నాకు. ఇప్పుడు ఆ గర్వం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

మేనేజరు చూసుకునేది మేత లెక్క. ఏ చెరువుకి పూటపూటకీ ఎంత మేత వేశారో అన్నది. ఆయన ఒక చెరువు పూర్తిచేసి రెండో దానికి వెళ్లే రకం, కాబట్టి ఆయనకి గడి పక్కకి జరగాలి. ట్యాబ్ కొడితే పక్కకే జరుగుతుంది, సెలెక్ట్ చేసుకుని కొడితే వరస చివర్లో కింది వరసకి కూడా దిగుతుంది. ఆ ముక్క తెలియదు. అడిగితే చెప్పేదాన్ని. నన్ను అడగడానికి నామోషీ. ఫోన్‌లో ఏదో వీడియో చూసి ఫైల్‌లోకి, ఆప్షన్స్‌లోకి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఎంటర్ కొడితే ఎటు జరగాలన్న చోట కిందికి అని ఉన్నదాన్ని కుడికి అని మార్చేశాడు. అది తన మేత ఫైలుకొక్కదానికే అనుకున్నాడు మహానుభావుడు. అది ఆ ఫైలుకి కాదు, ఆ కంప్యూటర్లో ఎక్సెల్ మొత్తానికి. నాకొక్క మాట చెప్పలేదు.

మర్నాడు నేను ఎప్పట్లాగే సెలెక్ట్ చేసి, తల దించుకుని టకటకా కొట్టేశాను. కిందికి దిగాల్సినవన్నీ పక్కకి పోయాయి. ఆరు వరసలూ ఆరు కాలమ్‌లే కావడంతో ముప్ఫై ఆరూ చక్కగా నిండిపోయాయి, ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. అన్నీ ఆక్సిజన్ అంకెలే, తేడా కనిపించడానికి లేదు. కానీ పొద్దున పది గంటల అంకెలు ఆరూ మొదటి చెరువు వరసలో పడ్డాయి. మధ్యాహ్నం రెండింటివి రెండో చెరువులో పడ్డాయి. తెల్లవారి ఐదింటివన్నీ ఆరో చెరువులో పడ్డాయి.

ఎండలో ఏ చెరువులోనైనా ఆక్సిజన్ బాగుంటుంది. తెల్లవారుజామున ఏ చెరువులోనైనా తగ్గుతుంది. అందుకని ఆ కాగితం మీద రెండో చెరువు రోజంతా భేషుగ్గా, ఆరో చెరువు రోజంతా ఊపిరాడక ఉన్నట్టు కనబడింది. నాలుగున్నర కంటే తగ్గితే గడి ఎర్రబడేలా పెట్టుకున్నాం. ఆరో వరస మొత్తం ఎరుపే. నేనూ చూశాను, పాపం ఆరో చెరువు అనుకున్నాను. అంతే! పుస్తకం నా మోచేతి కిందే ఉంది.

రెండు రోజులు ఇలాగే సాగింది. రెండో రోజు మేనేజరు ఆ షీటుని ఫోటో తీసి ఓనరు గారికి పంపి, రెండో చెరువులో నీళ్లు చిలికి ఆక్సిజన్ పెంచే ఫ్యాన్లు రెండు తీయించి ఆరో చెరువులో వేయించాడు. బాబాయ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"రెండో చెరువులో ఫ్యాన్లు తియ్యకండి బాబూ. రొయ్య పిల్ల ఎక్కువేసింది దాంట్లోనే. పొద్దున్నే దాంట్లోనే బాగా తక్కువుంటుందండి."

"నువ్వు రాసిన లెక్కే కదయ్యా ఇది?" అన్నాడు మేనేజరు తెర చూపిస్తూ.

బాబాయ్ ఆ ఎర్ర గడుల్ని చాలాసేపు చూశాడు. "మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంత తక్కువా? నేనలా రాయలేదండి" అన్నాడు. మేనేజరు వినిపించుకోలేదు. నేను టీ తాగుతున్నాను.

మర్నాడు తెల్లవారేసరికి రెండో చెరువులో రొయ్యలు తేలాయి. ఊపిరాడక పైకొచ్చి గట్టు వెంట ముసురుకున్నాయి. బాబాయ్ చెరువుల దగ్గరే ఉండే ఎలక్ట్రీషియన్ని లేపి, ఫ్యాన్లు వెనక్కి లాగించి, ఆక్సిజన్ మందు చల్లి చెరువుని నిలబెట్టాడు. నేనొచ్చేసరికి చచ్చిన రొయ్యల్ని ట్రేల్లోకి ఎత్తుతున్నారు. ఓనరు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. బాబాయ్ నడుం దాకా తడిసి నిలబడి ఉన్నాడు.

మేనేజరు అందరిముందూ అందుకున్నాడు. "షెడ్డులో పడుకుని నోటికొచ్చిన అంకెలు రాసేస్తున్నాడు బావగారూ. మధ్యాహ్నం తక్కువంట, పొద్దున ఎక్కువంట. ఎక్కడైనా ఉంటుందా అలా?"

ఓనరు గారు నా వైపు తిరిగారు. "ఏంటమ్మా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే కొట్టారా మీరు?"

"ఉన్నది ఉన్నట్టే కొట్టానండి. ఒక్క అంకె తేడా ఉండదు" అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానో! పుస్తకం తీసి ఒక్క పేజీ పక్కన పెట్టి చూద్దామని తోచలేదు. ఆ మాటతోనే ఆయన పని ఊడింది. ఆ పెద్దాయన నా మొహంలోకి చూశాడు. మీటరు బల్ల మీద పెట్టి, తడి బట్టలతోనే వెళ్లిపోయాడు.

అంకెలు తీసే పని ఎలక్ట్రీషియన్‌కి అప్పగించారు. మర్నాడు ఆయన రాసినవి కొడుతుంటే నాలుగో అంకె దగ్గర ఫోన్ మోగింది. ఎత్తి మాట్లాడి, ఎక్కడ ఆపానా అని తలెత్తి తెర చూశాను. నాలుగో చెరువు దగ్గర ఉండాల్సిన గడి మొదటి చెరువు వరసలోనే, రాత్రి పది గంటల కింద కూర్చుని ఉంది. ఎంటర్ కొట్టాను. పక్కకి జరిగింది. మళ్లీ కొట్టాను. మళ్లీ పక్కకే.

బాబాయ్ పుస్తకం తీసి, ఆయన వెళ్లిపోయిన పొద్దున కొట్టిన వాటితో కలిపి మూడు రోజుల అంకెలూ ఒక్కొక్కటే సరిచూశాను. ఆయన రాసినదంతా ఒప్పు. నేను కొట్టినదంతా తలకిందులు. ఒక్కో పట్టికనీ కాపీ చేసి, నిలువుని అడ్డంగా మార్చి పేస్ట్ చేసే ఆప్షన్‌తో పక్క ఖాళీలో వేసి చూశాను. ఎరుపంతా ఐదు గంటల కిందికి వెళ్లి కుదురుగా కూర్చుంది. అన్నిటికంటే తక్కువ అంకె రెండో చెరువుదే. ఆయన చెప్పింది చెప్పినట్టు.

మేనేజరుని పిలిచి చూపించాను. తెర మీదికి వంగి చూశాడు. ఆ తర్వాత నవ్వాడండీ, నవ్వాడు!

"ఓ, అదా? మొన్న నేనే మార్చానండి. మీరు కొట్టేటప్పుడు చూసుకోవాలి కదా మేడం. సరే, అయిపోయిందేదో అయిపోయింది. సరిచేసి సేవ్ చేసెయ్యండి. బావగారి దాకా ఎందుకు?"

"మరి బాబాయ్ సంగతి?"

"ఎలాగూ ముసలాడయిపోయాడు కదండీ."

ఛీ! ఆ మొహం చూడబుద్ధి కాలేదు. అంతకన్నా రోతగా అనిపించింది ఇంకొకటుంది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, సేవ్ చేసేస్తే నా పేరు కూడా బయటికి రాదు కదా అని నాకూ తోచింది.

సెట్టింగ్ మళ్లీ కిందికి మార్చి, పుస్తకమూ ప్రింట్లూ తీసుకుని ఓనరు గారింటికి వెళ్లాను. తప్పు నాదీ, మీ బావమరిదిదీ అని ఆయన మొహం మీదే చెప్పాను. ఆయన పేజీలు తిప్పి, ప్రింట్లతో సరిచూసుకున్నారు. బావమరిదిని మాత్రం ఏమీ అనలేదు. "పెద్దాయన్ని తీసుకురండమ్మా" అన్నారు.

ఏ మొహం పెట్టుకుని వెళ్లానో వాళ్లింటికి. అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఎంటర్ కొడితే కిందికి పోవాల్సింది పక్కకి పోయిందని, మేనేజరు మార్చాడని, నేను తెర చూడలేదని. ఆయన వల పక్కన పెట్టాడు.

"యంత్రం సంగతి నాకు తెలీదమ్మా. నా పుస్తకం మీ దగ్గరే ఉంది కదా?"

"ఉంది బాబాయ్."

"మరి ఆయన అడిగినప్పుడు తిప్పి చూడలేదేం?"

ఓనరు గారు మళ్లీ పనిలోకి రమ్మన్నారని మాత్రం చెప్పి వచ్చేశాను.

మర్నాటి నుంచి పనిలోకి వచ్చాడు. రెండో రోజు తొమ్మిదింటికి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ రోజు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"కొట్టండమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు, కోపం ఉన్నా బాగుండేది. ఒక్కో అంకెకీ ఆయన వేలు పుస్తకం మీద ఆగేది, కళ్లు తెర మీదికి వెళ్లేవి. అది సరైన గడిలో పడిందని చూసుకున్నాకే వేలు కిందికి జరిపేవాడు. రెండు నిమిషాల పని పావుగంట పట్టింది. ముప్ఫై ఆరోది పడేదాకా ఆయన లేవలేదు. నేను ఆ ఉద్యోగం మానేసిన రోజు దాకా, ఒక్క పూట కూడా ఆ స్టూలు ఖాళీగా లేదు.