నీతో ఎవరొచ్చిన్రు?

ఇంగ్లీషు పరీక్షలో నేను మొదటిసారి తప్పింది ఇంగ్లీషు రాక కాదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. తప్పినవాళ్ళంతా అదే చెబుతారు గనుక నేనైనా నమ్మను.

అప్పటికి నేను చౌటుప్పల్‌లో, హైవే పక్కనున్న ఒక ప్రైవేటు దవాఖానలో చాలా ఏళ్ళుగా స్టాఫ్ నర్సును. రాత్రి ఇద్దరం నర్సులం, నిండా పేషెంట్లు. అలాంటి చోట నర్సు రోగితో మాట్లాడదు, రోగి వెంట వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది. అటెండెంటు లేని రోగి మా లెక్కలో టికెట్టు లేని ప్రయాణికుడు. మందులు తెచ్చేది అటెండెంటు, బెడ్‌పాన్ పెట్టేది అటెండెంటు, నొప్పి ఎక్కడుందో చెప్పేది కూడా అటెండెంటే. అందుకే స్ట్రెచర్ గుమ్మం దాటగానే మా నోట్లోంచి ముందుగా వచ్చే మాట ఒకటే. "నీతో ఎవరొచ్చిన్రు?"

బ్రిటన్‌లో నర్సుగా పనిచేయాలంటే ముందు అక్కడి నర్సింగ్ కౌన్సిల్ అడిగిన ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. నేను ఎంచుకున్నది వైద్యం చేసేవాళ్ళ కోసమే పెట్టినది. అందులో వినడం, చదవడం, రాయడం అయ్యాక మాట్లాడటం ఉంటుంది. ఒక కార్డు ఇస్తారు, చదువుకోవడానికి కాస్త టైమిస్తారు. ఎదురుగా ఒకావిడ రోగి వేషంలో కూర్చుంటుంది. ఆవిడ మార్కులు వేయదు. మాటలు రికార్డవుతాయి, ఎక్కడో ఎవరో విని వేస్తారు.

నా కార్డులో షుగరున్న పెద్దావిడ, కాలికి మానని పుండు. రోజూ కట్టు మార్చుకోవాలని ఆమెకు నచ్చజెప్పాలి. నాకిది కొట్టిన పిండి. నమస్కారం పెట్టినంత మర్యాదగా గుడ్ మార్నింగ్ చెప్పి, మంచి ఇంగ్లీషులో అడిగాను, "మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు, ఒక్కదాన్నే వచ్చాను," అన్నది.

తర్వాత, "మీ అబ్బాయి ఫోన్ నంబరు ఇస్తారా?" అని అడిగాను.

ఆవిడ వేషం వదల్లేదు. తనకు పిల్లలు లేరన్నది. ఇంక నేను కట్టు గురించి ఎవరికి చెప్పాలి? గోడకు చెప్పినట్టు గడగడా చెప్పి బయటపడ్డాను. వినడం, చదవడం, రాయడం మూడింట్లోనూ బి వచ్చింది. మాట్లాడటంలో సి ప్లస్. రాయడానికైతే ఆ సి ప్లస్ సరిపోయేది, మాట్లాడటానికి బి కావాలి. ఏడాది లోపు ఇంకోసారి రాసి, రెండుసార్ల మార్కులు కలుపుకోవచ్చన్నది ఒక్కటే ఊరట.

అప్పటికే కాగితాల సంగతి సగం నడిచింది. నేను చదివి రిజిస్టరైంది ఉమ్మడి రాష్ట్రంలో. తెలంగాణ వచ్చాక నేను మా ఊరు తిరుమలగిరి, పనిచేసే చౌటుప్పల్ దాటి ఎటూ పోకుండానే పాత రాష్ట్ర కౌన్సిల్‌కు పరాయిదాన్నయ్యాను, కొత్త కౌన్సిల్‌లో పేరు ఎక్కించుకున్నాను. ఇప్పుడు ఈ కౌన్సిల్ నేను మంచి నర్సునేనని ఆ దేశం కౌన్సిల్‌కు రాయాలి. అదీ నేరుగా. నా చేతికి ఇవ్వకూడదు, ఇస్తే చెల్లదు. నా గురించి నేను తప్ప ఎవరు చెప్పినా నమ్ముతామన్నారు. మా ఇంట్లో నా పెళ్ళిచూపులు కూడా అట్లాగే జరిగాయి కాబట్టి నేనేమీ నొచ్చుకోలేదు.

ఈ పరీక్షకు నేర్పించే కోచింగ్ సారు మార్కులు చూసి చాలాసేపు నవ్వాడు. ఆయన కూడా నర్సే. గల్ఫులో చేసి వచ్చాడు.

"నీ ఇంగ్లీషుకేం కాలే మేడం. నువ్వు పేషెంట్‌ను అడుగుతలేవు. అక్కడ పేషెంటే మాలిక్. ఏం తెలుసు, ఏం భయముంది, ఏం కావాలె, అన్నీ ఆమెనే అడగాలె. అడిగి ఊకోవాలె. ఆమె చెప్పేదాక నువ్వు మాట్లాడొద్దు."

"ఊకుంటే టైమైపోతది గద సార్."

"అయితే కానీ. ఇంట్ల ఎవరన్న పెద్దమనిషి ఉంటె ప్రాక్టీస్ చెయ్యి."

ఇంట్లో అత్తమ్మ ఉంది. మేకలు మేపి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఎవరి మాటా పడదు, ఎవరినీ అడగదు. ఆమెను రోగిని చేయడం కన్నా మేకను కుర్చీలో కూర్చోబెట్టడం సులువు.

సాయంత్రం చాయ్ తాగేటప్పుడు వాకిట్లో ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఆమెను తెలుగులో అడిగి, అదే మాట నాలో నేను ఇంగ్లీషులో అనుకునేదాన్ని.

"ఇయ్యాల ఎట్లున్నది అత్తమ్మా?"

"నాకేమైంది? మంచిగున్న."

"ఉత్తగనే అనుకో. నీకు కాలు పుండైంది."

"నీ నోట్ల మన్నుబొయ్య, నాకెందుకైతది?"

రెండు రోజులు ఇదే నడిచింది. మూడోనాడు ఆమెకే జాలేసిందేమో, సరే పుండైందనుకుంటానని ఒప్పుకుంది. ఏం భయమని అడిగితే, "మా వోణ్ణి అడుగు," అని నా భర్త వైపు వేలు చూపించింది. ఆయన ఫార్మా కంపెనీ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. తల్లికి ఏం భయమో ఆయనకేం తెలుసు? అయినా, "బీపీ చూడు," అని సలహా ఇచ్చి లోపలికి పోయాడు.

మెల్లగా ఆమెకు ఆట పట్టుబడింది. నేను రావడం ఆలస్యమైతే తనే స్టూలు తెచ్చి వేసేది. రోజుకో జబ్బు ఎంచుకునేది. ఒకరోజు గుండె, ఒకరోజు మోకాలు, ఒకరోజు తనకు పడని ఆడపడుచు జబ్బు. "అడుగు మరి," అని కాళ్ళు చాపుకుని కూర్చునేది. అన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం అంత మాట్లాడుకోలేదు. అదంతా పరీక్ష కోసమేనని నేను మరిచిపోలేదు. ఆమె మాత్రం అప్పుడప్పుడు మరిచిపోయేది.

అంతలో నిజంగానే ఆమెకు కడుపునొప్పి వచ్చింది. మా దవాఖానలోనే చూపించాం. పిత్తాశయంలో రాళ్ళు, చిన్న ఆపరేషన్. డాక్టరు వరండాలో నా భర్తను పక్కకు పిలిచి చెప్పాడు, ఈయన తలూపాడు. నేను డ్యూటీలో ఉన్నాను. ఒప్పుకోలు కాగితం తెచ్చాను, పెన్ను మూత తీశాను, ఎప్పటిలాగే అటెండెంటు చేతికి ఇచ్చాను. ఆయన సంతకం పెట్టబోయాడు.

మంచం మీదినుంచి అత్తమ్మ అన్నది, "వాడెందుకు పెడుతుండు? రాళ్ళు వానికున్నయా?"

వార్డులో నవ్వినవాళ్ళు నవ్వారు. నా భర్త పెన్ను అట్లాగే పట్టుకుని నా వైపు చూశాడు.

"నెల సంది రాని రోగాలన్నీ అడిగినవు," అన్నది అత్తమ్మ. ఈసారి నవ్వలేదు. "ఇయ్యాల నిజంగ వస్తె ఒక్క ముచ్చట అడుగవైతివి. గదేం సదువు బిడ్డా?"

ఆ సి ప్లస్ చూసినప్పుడు కూడా నాకు అంత బాధ కలగలేదు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. ఏమైందో, ఏం చేస్తారో, చేయకపోతే ఏమవుతుందో చెప్పాను. భయమేమన్నా ఉందా అని అడిగి, సారు చెప్పినట్టు ఊరుకున్నాను. అవతలి మంచం దగ్గర ఎవరో సెలైన్ అయిపోయిందని పిలుస్తున్నారు. రెండో సిస్టర్‌ను పొమ్మని సైగ చేసి అట్లాగే కూర్చున్నాను.

చాలాసేపటికి అత్తమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "మత్తు ఇస్తరు గద. మత్తుల నేనేమన్న మాట్లాడితె? మీ మామ ముచ్చట్లు, ఆడపడుచు ముచ్చట్లు... డాక్టరు మనూరి దిక్కోడే."

కొడుకు సంతకం పెట్టి ఉంటే ఈ భయం ఎవరికీ తెలిసేది కాదు. నేనైతే కోత అంటే భయం, ఖర్చు అంటే భయం, చావంటే భయం అని రాసుకునేదాన్ని. ఆ మత్తులో మాటలు రావని, గొంతులో గొట్టం ఉంటుందని, మెలకువ వచ్చేటప్పుడు నేనే పక్కనుంటానని చెప్పాను. "నువ్వుంటె ఇంకెవ్వలూ ఉండొద్దు," అని షరతు పెట్టి, కాగితం తీసుకుని తనే సంతకం పెట్టింది. మహిళా సంఘంలో సంతకాలు చేసి చేసి చేయి తిరిగిన మనిషి, నా భర్త కన్నా గుండ్రంగా రాస్తుంది. ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేటప్పుడు ఆమె గొణిగింది మేకల గురించి మాత్రమే.

రెండోసారి పరీక్షకు హైదరాబాద్ పోయాను. కార్డులో ఆపరేషన్ వద్దంటున్న ముసలాయన. ఎందుకు వద్దంటున్నాడో కనుక్కోవాలి. ఎవరొచ్చారని అడగలేదు. ఏం దిగులుగా ఉందో చెప్పమని ఊరుకున్నాను. ఆ మౌనంలో నా ఏడాది కష్టం, కట్టిన ఫీజు అన్నీ కరిగిపోతున్నట్టనిపించింది. చివరికి ముసలాయన వేషంలో ఉన్న మనిషి మెల్లగా బయటపెట్టాడు, తను ఆసుపత్రిలో పడితే ఇంట్లో పిల్లి ఒక్కటే ఉంటుందని.

మామూలుగానైతే నాకు నవ్వొచ్చేది. ఆడపడుచు ముచ్చట్లు విన్నదాన్ని, పిల్లిని చిన్నచూపు ఎట్లా చూస్తాను? పేరడిగాను, ఏం తింటుందో అడిగాను, పక్కింటివాళ్ళు చూసుకుంటారేమో కలిసి ఆలోచించాను. బి వచ్చింది.

తర్వాత కంప్యూటర్ పరీక్ష ఒకటి అయింది, మందుల డోసుల లెక్కలు, నర్సింగ్ ప్రశ్నలు. కాగితాలు ఒప్పుకున్నారు, అక్కడి ఒక ఆసుపత్రి ఉద్యోగమిస్తానన్నది. ఇంకా అయిపోలేదు. అక్కడికి పోయాక వాళ్ళు కొన్ని వారాలు నేర్పించి, బొమ్మ రోగుల ముందు, రోగి వేషం కట్టినవాళ్ళ ముందు చేసి చూపించమంటారు. అది గట్టెక్కి రిజిస్టర్లో పేరు పడేదాకా నన్ను నర్సు అనరు.

ఈలోపు నా అలవాటు ఇక్కడ ఇబ్బందయింది. పేషెంట్ల పక్కన కూర్చుని అడుగుతున్నానని, కొడుకుల్ని లెక్కచేయడం లేదని రెండు ఫిర్యాదులు వచ్చాయి. మేనేజరు పిలిచి, "గదంత అక్కడికి పోయినంక చెయ్యి సిస్టర్," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఆ సాయంత్రం అత్తమ్మకు చెప్పాను. ఆమె చాయ్ చల్లార్చుకుంటూ విన్నది.

"ఆ దేశంల ముసలోళ్ళను గిట్లనే అడుగుతరా?"

"అడుగుతరు. అడగనోళ్ళను రానియ్యరు."

"మరి గీడ?"

"గీడ అడగకున్నా జీతమిస్తరు."

అత్తమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, కాలితో స్టూలు నా వైపు జరిపింది.

"పోయేదాకనన్న కూసొని అడుగు," అన్నది.