తూర్పున వంక

అంగడి పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని నేను. ఆ చదువుతోనే పుంగనూరులో నలభై ఏళ్లు భూముల దస్తావేజులు రాశాను. ఇప్పుడు మదనపల్లెలో కూతురింట ఉంటున్నా, అప్పుడప్పుడూ బస్సెక్కి ఆ పాత ఆఫీసుకు పోతాను.

మొన్న పోయేసరికి ముగ్గురు టైపు చేసేచోట ఒక అమ్మాయే ఉంది. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. ప్రింటరు మాత్రం దస్తావేజులు కక్కుతూనే ఉంది.

ఒకటి తీసి చూశాను. ‘ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఇందులో గింజంత హక్కు లేదు’ అని ఉంది. గింజంత హక్కు నా మాట. నేను తప్ప ఎవరూ అలా రాయరు. కింద మాత్రం ఆ రోజు తేదీయే!

“నీ పాత దస్తావేజులన్నీ స్కాన్ చేసి ఏఐకి ఎక్కించినామప్పా,” ఆఫీసు ఓనరు నవ్వాడు. “నువ్వు ఇంట్లో పండుకోనుండినా ఈడ రాస్తానే ఉండావు!”

“నన్నొక మాట అడిగినావా?”

“యాల అడగల్ల? కూలి అప్పుడే ఇచ్చినాం గదా.”

అతను ఫోను పట్టుకుని బయటికి పోగానే అమ్మాయి మెల్లగా అంది: “వచ్చే నెల నించి నన్నూ రావద్దన్నాడు తాతా.” డిగ్రీ చదివాక ఆమెకు దొరికిన మొదటి పని అది.

అంతలో భూమి అమ్మే అవ్వ వచ్చింది. గొర్రెలు కాచే మనిషి, చదువు రాదు. నా చేతిలోని కాగితం ఆమెదే; అమ్మాయి అది తీసుకుని చదివి వినిపించింది. తూర్పు హద్దు దగ్గర అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“పక్కోడి చేనా? ఆడ వంక గదమ్మా ఉండాది! మా గొర్లు నీళ్లు తాగే వంకను నేనెట్ల అమ్ముతా?”

అవ్వ భూమి పాత దస్తావేజు తీశాం. ‘తూర్పు వంక’ అని నా రాత. నీళ్లు పారే వంకను ఏఐ ‘తూర్పు వైపు’ అనుకుంది. ఆ వైపు హద్దు ఖాళీ అయింది గనక ఉత్తరాన ఉన్న రైతును తెచ్చి అక్కడ నిలబెట్టింది; దాంతో వంక కూడా అమ్మే భూమిలో కలిసిపోయింది. తెలియకపోతే నేను చోటు వదిలి అడిగేవాణ్ని. అది తడబడనైనా లేదు. అదే కాగితం నేనూ చదివాను, నా మాటల తీరే గనక తప్పు నాకూ కనబడలేదు.

తిరిగొచ్చిన ఓనరుకు చెప్పాం. మొహం మాడ్చుకున్నాడు.

“సరే, నువ్వుండమ్మా. ప్రతిదీ సదివి వినిపించు, అడిగి తెలుసుకో.”

పంపేసిన ఇద్దరి ఊసెత్తలేదు. నా వైపు తిరిగాడు.

“ఇట్లాంటి మాటలు ఇంకేముండాయో సెప్పప్పా, దానికీ నేర్పిస్తాం. కుప్పంలో ఇంకో ఆఫీసు తెరస్తాండాను. ఆడ అడిగే మనిషిని పెట్టేది లేదు.”

అమ్మాయి నన్నే చూస్తోంది. నా తలలో అలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి, ఏది ఏ ఊళ్లో ఎవరు చెప్పారో కూడా.

“గుర్తు లేవప్పా,” అన్నాను.

అమ్మాయి అవ్వ దగ్గరికి కుర్చీ జరుపుకుంది. “దక్షిణాన ఏముండాది అవ్వా?”