సర్కారు కొలువు వద్దని రాసిచ్చిన రోజు

ఇప్పుడు నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఆరుగురున్న టెస్టింగ్ టీమును చూసుకుంటున్నాను. కొత్తగా చదువు ముగించిన పిల్లలు కనబడితే ఒకటే ప్రశ్న: "అక్కా, గవర్నమెంటు పరీక్షలకు కూర్చోవాలా, ఇటే వచ్చేయాలా?" జవాబుకు బదులు మా నాయిన గుర్తొస్తాడు.

నాయిన హైటెక్ సిటీలో ఒక టవర్ కింద సెక్యూరిటీ గార్డు. ఉద్యోగం ఏజెన్సీది. కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా యూనిఫాం రంగు మారేది, నాయిన మాత్రం అదే గేటు దగ్గర ఉండేవాడు. మాది ఆ పక్కనే ఉన్న కొత్తగూడ. ఆ టవర్ పునాది తవ్వుతున్నప్పుడు అక్కడ మేకలు మేపినవాళ్ళు మా చుట్టాల్లో ఇంకా ఉన్నారు. బీటెక్ చివరి ఏడాది క్యాంపస్‌లో నాకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ సరిగ్గా ఆ టవర్లోనే, ఏడో అంతస్తులో ఉంది. "గింత పెద్ద పట్నంల నీకు మీ నాయిన గేటే దొరికిందానే!" అని అమ్మ పడీపడీ నవ్వింది.

నాయిన నవ్వలేదు. పైనున్నవాళ్ళకు తెలియని సంగతులు ఆయనకు తెలుసు మరి. కంపెనీలు మనుషుల్ని తీసేసే రోజు పొద్దున్నే హెచ్ఆర్ వాళ్ళు కిందికి ఒక జాబితా పంపిస్తారు. అందులో పేరున్నవాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు మెడలోని కార్డు తీసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టించుకోవాలి. ఆ పని నాయినది. అలాంటి రోజున ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేసేవాడు. "ఏడుసుకుంట పోయెటోళ్ళను సూస్తే గంత అనిపియ్యది. నవ్వుకుంట పోయెటోళ్ళను సూస్తేనే పాణం గుంజుతది" అనేవాడు.

అందుకే నాచేత సర్కారు పరీక్ష రాయించాడు. క్యాంపస్ ఉద్యోగం ఖాయం కాకముందే రాశాను. మన దగ్గర సర్కారు పరీక్షల తీరు తెలిసిందే కదా. రాసిన సంగతి మనం మరిచిపోయాక ఫలితం వస్తుంది. నేను కంపెనీలో చేరి ఎనిమిది నెలలయ్యాక సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపొచ్చింది. ఒరిజినల్స్, జిరాక్సులు పట్టుకుని వెళ్ళి చూపించి వచ్చాను. నా ర్యాంకుకు జూనియర్ అసిస్టెంటు పోస్టు వచ్చేసినట్టేనని అందరూ అన్నారు. ఇక తుది జాబితా ఒక్కటే మిగిలింది. నాయిన ఆ సాయంత్రమే గేటు దగ్గర గార్డులందరికీ జిలేబి పంచాడట. మర్నాడు లిఫ్టు దాకా ఒక్కొక్కరూ నాకు సెల్యూట్ కొడుతుంటే సిగ్గుతో చచ్చాను.

సరిగ్గా ఆ వారమే నా ఖర్మకొద్దీ ఒక మంచి పని చేశాను. మేం ఆసుపత్రుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. ఒకే పేరున్న ఇద్దరు రోగులు ఒకే రోజు రక్తపరీక్ష చేయించుకుంటే ఒకరి రిపోర్టు రెండోవారికి పోతోందని నేను పట్టుకున్నాను. అప్పటికే నలుగురు సీనియర్లు చూసి సరేనన్న భాగం అది. మా టీమ్ లీడ్ కాకినాడ ఆవిడ. నా కుర్చీ పక్కన నిలబడి మొత్తం చూశారు. "ఎంత బాగా పట్టుకున్నారండీ! ఇక ఈ మాడ్యూల్ మీరే చూసుకోండి" అన్నారు. ఎనిమిది నెలల పిల్లను నేను! సర్కారు ఆఫీసులో అయితే సీనియారిటీ జాబితాలో నా వంతు వచ్చేదాకా ఎన్నేళ్ళు ఆగాలో నాకు తెలుసు. ఆ రోజు నా మనసు ఏడో అంతస్తులోనే ఉండిపోయింది.

ఆదివారం భోజనాల దగ్గర చెప్పేశాను. నాకు నెమ్మదిగా చెప్పడం చేతకాదు.

"నాయినా, నేను సర్కారు నౌకరిల చేరను."

ఆయన ముద్ద పళ్ళెంలోనే పెట్టాడు. "దిమాక్ ఉన్నదా నీకు? అరవై ఏండ్ల దాంక ఎవ్వడు కదిలియ్యని కుర్చీ వస్తుంటే వద్దంటవా?"

"గా కుర్చీల నుంచి నేను కూడ కదల్లేను గద!"

"నీకేం ఎరుక బిడ్డా. నీ పేరు గా కాయిదం మీద వచ్చిననాడు నీ మెడల కార్డు ఎవరు తియ్యాలె? నేనే తియ్యాలె. గది సోంచాయించినవా?"

ఆ భయం ఆయన కడుపులో ఎనిమిది నెలలుగా ఉందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసి ఊరుకున్నానా? నా నోరు ఊరుకుంటేగా. "అట్లయితే నువ్వే తీస్కో. పరాయోళ్ళ చేతుల పెట్టుడు కన్న నీ చేతుల పెట్టుడే నయం" అనేశాను. అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకో రెండు చరిచినా తక్కువే అయ్యేది.

రెండు రోజులు నాయిన నేను లేవకముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర కూడా తల పక్కకు తిప్పుకున్నాడు. మూడో రోజు పొద్దున యూనిఫాం వేసుకోకుండా, ఇస్త్రీ చొక్కాతో తయారై కూర్చున్నాడు.

"పా. ఆ ఆఫీసుకు పోయి వద్దని రాసిచ్చి వద్దాం."

"ఎందుకు నాయినా? చేరకపోతే వాళ్ళే తీసేస్తరు."

"లిస్టుల నీ పేరు వచ్చినంక చేరకుంటే ఆ పోస్టు ఊకనే పోతది. ఇప్పుడే రాసిస్తే నీ ఎనకున్నోనికి వస్తదంట, అడిగి తెలుసుకున్న. ఆని ఇంట్ల గుడ ఒక నాయిన ఉంటడు గద."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. ఆ రోజు కూలి పోగొట్టుకుని నాతో వచ్చాడు. ఈ పోస్టు నాకు ఇష్టం లేదని, తర్వాతి వారికి ఇవ్వడానికి అభ్యంతరం లేదని నేను రాస్తుంటే పక్కనే నిలబడి ప్రతి అక్షరం చూశాడు. కౌంటర్ వెనకున్న ఆయన "మంచిగ ఆలోచించుకున్నరా?" అని అడిగితే, నాకంటే ముందు నాయినే "ఆలోచించుకున్నం సార్" అన్నాడు. ఆ 'ఆలోచించుకున్నం'లో తనను కూడా కలుపుకున్నాడని బస్సెక్కాక తట్టి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నాకు నచ్చిన బతుకును, తనకు నచ్చకపోయినా, నాతో కలిసి ఒప్పుకున్నాడు మా నాయిన. ఆ రుణం తీరేది కాదు.

రెండేళ్ళు బాగా ఎదిగాను. జీతమూ పెరిగింది, హోదా కూడా పెరిగింది. ఆ తర్వాత ఒక మంగళవారం పదకొండు గంటలకు చిన్న గదిలోకి పిలిచారు. ప్రాజెక్టు మూసేశారట. నాతో పాటు పంతొమ్మిది మంది. మా లీడ్ కూడా ఉన్నారు. నాకు ఉద్యోగం పోయిందన్న బాధ కంటే లిఫ్టు కిందికి పోతోందన్న బాధే ఎక్కువైంది. కాయితం పొద్దున్నే కిందికి వెళ్ళి ఉంటుంది. అంటే నాకంటే ముందు నాయినకే తెలుసు.

తెలిసినా పైకి ఫోన్ చేయలేదు. సెలవు పెట్టి ఇంటికి పోలేదు. పక్క గార్డు "అన్నా, నేను చూసుకుంట, నువ్వు లోపలికి పో" అంటున్నా కదలకుండా అక్కడే నిలబడ్డాడు. నేను మెడలోంచి కార్డు తీస్తుంటే దాని తాడు జడకు చిక్కుకుంది. నాయినే నెమ్మదిగా విడదీశాడు. రిజిస్టర్ నా వైపు తిప్పి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాడు.

"నేను జెప్పలేదా" అన్న మాట కోసం ఎదురుచూశాను. అంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

నాయిన నా కార్డును మిగతా కార్డుల మీద పెట్టాడు. "ఇంటికి పోయి ఇంత తిని పండుకో. రేపటి సంది మల్ల ఇంటర్వ్యూలకు తయారుగావాలె గద. పొద్దుగాల ఎన్ని గంటలకు లేపాలె?"

"ఆరింటికి" అన్నాను.